ఎడిటింగ్‌లో ఏ గంట గిట్టుబాటు? ముగ్గురు నడిపే వంటల ఛానల్ లెక్క

చిన్న వీడియో టీముల్లో నెలకోసారైనా వచ్చే వాదన ఒకటుంది. వారం రోజులు కూర్చుని ఎడిట్ చేసిన వీడియోకు ఇరవై వేల వ్యూస్ వస్తాయి, ఒక్క పూటలో తేల్చేసింది మూడు లక్షలు దాటుతుంది. దాంతో ఒకరు 'ఇంత కష్టం దండగ' అంటారు, ఇంకొకరు 'క్వాలిటీ తగ్గిస్తే ఛానల్ పడిపోతుంది' అంటారు. ఇద్దరి దగ్గరా ఉన్నది గుర్తుండిపోయిన ఒకటి రెండు వీడియోలే. గంటలూ రూపాయలూ పక్కపక్కన పెట్టి చూస్తే వాదన చాలావరకు తేలుతుంది. కాకపోతే ఆ లెక్కను మొదట తట్టిన పద్ధతిలో చేస్తే తప్పు జవాబు వచ్చే ప్రమాదమే ఎక్కువ.

లెక్క కోసం ఒక తెలుగు వంటల ఛానల్‌ను ఊహించుకుందాం. ముగ్గురు మనుషులు. ఒకరు వండి మాట్లాడతారు, ఒకరు కెమెరాతో పాటు ఖర్చులూ ప్రయాణాలూ చూసుకుంటారు, ఒకరు ఎడిటర్. ఎడిటర్ చేతిలో నెలకు సుమారు 160 గంటలుంటాయి. ఛానల్‌లో మూడు రకాల వీడియోలు వస్తాయి: ఇంట్లో తీసే పది నిమిషాల వంటలు, ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ కాజా లాంటి వాటి కోసం ఆయా ఊళ్లకు వెళ్లి తీసే పెద్ద వీడియోలు, షార్ట్స్. ఇక్కడి అంకెలన్నీ ఉదాహరణకు పెట్టుకున్నవే. ప్రతి ఛానల్‌కూ సొంత అంకెలుంటాయి, లెక్క నడిచే దారి మాత్రం ఇదే.

ముందు గంటలు రాసి పెట్టుకోవాలి. ఎవరినైనా 'ఈ వీడియోకు ఎంతసేపు పట్టింది' అని నెల తర్వాత అడిగితే ఫస్ట్ కట్‌కు పట్టిన టైమే చెబుతారు. ఫుటేజ్ వెతుక్కున్న రెండు గంటలు, 'ఆ మ్యూజిక్ మార్చు, ఆ పేరు తప్పు పడింది' అంటూ తిరిగొచ్చిన కరెక్షన్లు గుర్తుండవు. అందుకే ఏ రోజుది ఆ రోజే షీట్‌లో అరగంట లెక్కన రాసుకుంటే చాలు: వీడియో పేరు, రకం, ఏ పని, ఎన్ని గంటలు. రెండర్ అవుతుండగా ఎడిటర్ ఇంకో పని చేసుకుంటుంటే ఆ టైమ్ కలపకూడదు, సిస్టమ్ కదలక ఖాళీగా కూర్చుంటే కలపాలి. 'ఏ పని' అనే గడి చాలామంది అనవసరమనుకుని వదిలేస్తారు. అసలు నిర్ణయం తేలేది ఆ గడి దగ్గరే, అదెలాగో ముందు ముందు కనిపిస్తుంది.

మన ఛానల్ ఆరు నెలల షీట్ ఇలా ఉందనుకుందాం. ఇంటి వంటలు 24, ఒక్కోదానికి సగటున 16 గంటలు. ఊరి వంటలు 8, ఒక్కోదానికి 52 గంటలు. షార్ట్స్ 60, ఒక్కోదానికి రెండున్నర గంటలు. మొత్తం 950 గంటలు, అంటే ఎడిటర్ ఆరు నెలల పని దాదాపు అంతా ఇందులోనే ఉంది. విడుదలైన 90 రోజుల్లో యూట్యూబ్ నుంచి ఇంటి వంటలు ₹64,800, ఊరి వంటలు ₹84,000, షార్ట్స్ ₹9,000 తెచ్చాయి. భాగిస్తే ఎడిటింగ్ గంటకు ఊరి వంటలకు ₹202, ఇంటి వంటలకు ₹169, షార్ట్స్‌కు ₹60 పడుతుంది.

ఇక్కడితో ఆగితే నిర్ణయం తేలికే: ఊళ్లు ఎక్కువ తిరగాలి, షార్ట్స్ ఆపేయాలి. ఈ రెండూ తొందరపాటు మాటలే.

ఊరి వంటల సంగతే చూద్దాం. వాటికి వెయ్యి వ్యూస్‌కు ₹70 వస్తే, ఇంటి వంటలకు ₹45 వచ్చింది. దీనికి రెండు కారణాలుండొచ్చు. ఎనిమిది నిమిషాలు దాటిన వీడియోల మధ్యలో యాడ్స్ పెట్టుకోవచ్చు కాబట్టి ఇరవై ఐదు నిమిషాల వీడియోలో పది నిమిషాల దానికన్నా ఎక్కువ యాడ్స్ పడతాయి. రెండోది, సొంతూరి మీద బెంగతో చూసే డల్లాస్, న్యూజెర్సీ తెలుగువాళ్ల వ్యూస్ అందులో ఎక్కువ ఉంటే రేటు పెరుగుతుంది, ఎందుకంటే అమెరికాలో పడే యాడ్ రేటు మన దగ్గర పడే రేటుకు చాలా పైన ఉంటుంది. అయితే యూట్యూబ్ స్టూడియోలో కనిపించే మొత్తం అంతా చేతికి రాదు. అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన వాటాలో, పన్ను ఫారం సరిగ్గా ఇచ్చిన భారతీయులకు కూడా ఒప్పందం ప్రకారం 15 శాతం కోత పడుతుంది. దేశాల వారీగా ఆదాయం చూసి, లెక్కలో చేతికొచ్చే సొమ్మే పెట్టుకోవడం మేలు. పై ₹84,000 ఆ కోత పోగా మిగిలిందే అనుకుందాం.

దాన్నుంచి ఖర్చు తీసేయాలి. ఊరి వీడియోకు బండి, భోజనాలు, ఒక రాత్రి బస కలిపి ₹4,000, ఇంటి వంటకు సరుకులు ₹600 అనుకుంటే, ఊరి వంటలు గంటకు ₹125కి దిగుతాయి, ఇంటి వంటలు ₹131 దగ్గర ఆగుతాయి. వరస తారుమారైంది. మిగతా ఇద్దరి రెండేసి రోజులు ఇంకా ఈ లెక్కలోకే రాలేదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఊరి వంటల మొత్తం వ్యూస్ 12 లక్షలు, అందులో 6.4 లక్షలు ఒకే ఒక్క వీడియోవి. అది తీసేసి మిగిలిన ఏడింటినే చూస్తే, ఖర్చు తీయకముందే గంటకు ₹108 పడుతోంది. ఇంటి వంటల్లోనూ 3.6 లక్షలు దాటిన వీడియో ఒకటుంది, దాన్ని తీసేసినా మిగిలిన 23 గంటకు ₹132 తెస్తున్నాయి. వీడియోల ఆదాయం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. ఒకటి రెండు ఎగిరిపోతాయి, మిగతావి కింద గుంపుగా ఉండిపోతాయి. అందువల్ల సగటు ఏ వీడియోకూ వర్తించని అంకె అవుతుంది. ప్రతి వీడియోకూ గంటకు ఎంత పడిందో లెక్కగట్టి, వరసలో పేర్చి, మధ్యలో ఉన్న వీడియో అంకె చూస్తే మామూలు వీడియో ఎంత తెస్తుందో తెలుస్తుంది. గూగుల్ షీట్స్‌లో రకం B గడిలో, గంట ఆదాయం H గడిలో ఉంటే ఇంతే:

```
=MEDIAN(FILTER(H2:H93, B2:B93="ఇంటి"))
```

హిట్‌ను లెక్కలోంచి పూర్తిగా తీసేయడమూ న్యాయం కాదు, అది తెచ్చిన డబ్బు నిజమైనదే కదా. సగటు, మధ్య అంకె రెండూ పక్కపక్కన పెట్టుకుని అడగాల్సిన ప్రశ్న వేరే: ఆ హిట్ మళ్లీ వస్తుందని నమ్మడానికి ఏమైనా ఉందా? ఎనిమిదింటిలో ఒకటి ఎగిరితే, వచ్చే ఎనిమిదింటిలో ఒక్కటీ ఎగరకపోవచ్చు, రెండు ఎగరనూవచ్చు. ముగ్గురి జీతం ఆ ఒక్కదాని మీద ఆధారపడితే టెన్షన్ తప్పదు. ఆరు నెలల ఖర్చు గడవడానికి మామూలు వీడియోలు చాలుతున్నాయా లేదా అన్నది ముందు తేలాలి, ఆ తర్వాతే హిట్ కోసం పందెం కాయాలి.

90 రోజుల గడువు గురించి కూడా ఒక మాట. అన్ని వీడియోలకూ ఒకే వయసు పెట్టడం తప్పనిసరి, లేకపోతే జనవరిలో వచ్చినది జూన్‌లో వచ్చినదానికన్నా ఊరికే పెద్దగా కనిపిస్తుంది. కానీ వంటల విషయంలో 90 రోజులు కొన్నింటికి అన్యాయం చేస్తాయి. ఆవకాయ వీడియో అక్టోబర్‌లో పెట్టారనుకోండి, 90 రోజుల్లో దాన్ని పట్టించుకునేవాళ్లుండరు. ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయ వచ్చేసరికి వెతుక్కుంటూ వస్తారు, పై ఏడాదీ వస్తారు. సంక్రాంతి అరిసెలు, చవితి ఉండ్రాళ్లు కూడా అంతే. ఊరి వీడియోలు ఎక్కువగా హోమ్ పేజీ సిఫారసుల మీద నడుస్తాయి, అవి చల్లారితే మళ్లీ లేవడం అరుదు. ఇంటి వంటల్లో కొన్ని సెర్చ్ మీద నడుస్తాయి. స్టూడియోలో వీడియోకు వ్యూస్ ఎక్కణ్నుంచి వచ్చాయో చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. సెర్చ్ వాటా పెద్దదిగా ఉన్న పాత వీడియోలు ఐదారు తీసి, 90 రోజుల ఆదాయానికి ఏడాది ఆదాయం ఎన్ని రెట్లు వచ్చిందో చూసుకుంటే, ఇంటి వంటల అంకెను ఎంత పెంచి చదవాలో అంచనా దొరుకుతుంది. పండుగల ముందు యాడ్ రేట్లు పెరిగి జనవరిలో పడిపోతాయి కాబట్టి దసరా ముందు వచ్చిన వీడియోనూ జనవరి వీడియోనూ రూపాయల్లో పోల్చేటప్పుడు జాగ్రత్త. అక్కడ వ్యూస్, చూసిన గంటలు పోల్చడమే నయం.

ఇంతవరకు చూసింది ఏ రకం వీడియో తీయాలనే సంగతి. ఎడిటింగ్ గంటలు ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు. గంటకు ₹131 అంటే 16 గంటలూ తలా ₹131 తెచ్చాయని కాదు. మొదటి ఎనిమిది గంటలు లేకపోతే అసలు వీడియోనే లేదు. చివరి నాలుగు గంటలు లేకపోతే ఏం పోతుంది? టీమ్ అడగాల్సిన ప్రశ్న అది, సగటు దానికి జవాబు చెప్పదు.

'ఏ పని' గడి ఇక్కడ పనికొస్తుంది. ఇంటి వంట 16 గంటలు ఇలా విడిపోయాయనుకుందాం: ఫుటేజ్ సర్దడానికి 2, ఫస్ట్ కట్‌కు 5, ఆడియో శుభ్రం చేయడానికి ఒకటిన్నర, గ్రాఫిక్స్, జూమ్‌లు, మ్యూజిక్, కలర్‌కు 4, సబ్‌టైటిల్స్‌కు ఒకటిన్నర, కరెక్షన్లూ థంబ్‌నెయిల్‌కు 2. ఇప్పుడు పక్కన రిటెన్షన్ గ్రాఫ్ పెట్టి చూడాలి. వంద మంది మొదలుపెడితే 30 సెకన్లకు 62 మంది మిగిలారు, ఐదో నిమిషానికి 38, తొమ్మిదో నిమిషానికి 22. గ్రాఫిక్స్‌కు పెట్టిన నాలుగు గంటలూ వీడియో అంతటా సమానంగా పరిచి ఉంటే, అందులో సగం పని నలభై మంది కూడా లేనిచోట జరిగింది. మొదటి అరనిమిషంలో వెళ్లిపోయిన 38 మందిని ఆపడానికి పెట్టింది పది నిమిషాల పని కూడా ఉండకపోవచ్చు. గుమ్మం బోసిగా వదిలేసి పెరటి గోడకు రంగులేసినట్టుంది ఇది.

ఆ గ్రాఫ్‌ను ఇంకా దగ్గర నుంచి చూడటం మంచిది. వంటల వీడియోల్లో గీత కిందికి జారుతూ జారుతూ ఒక్కోచోట పైకి లేస్తుంది. జనం అక్కడికి వెనక్కి వచ్చి మళ్లీ చూశారని, లేదా నేరుగా అక్కడికే దూకారని దాని అర్థం. ఆ చోట ఏముందో టైమ్‌లైన్‌లో చూడండి. కొలతలు చెప్పిన చోటు, పాకం ఏ దశకు రావాలో చూపిన చోటు, పోపు మాడకుండా ఎప్పుడు దించాలో చెప్పిన చోటు అయితే, తెర మీద కొలత అక్షరాల్లో వేసిన పావుగంట పని ఎవరికో అక్కరకొచ్చినట్టే. గరిటె తిప్పుతుంటే వేసిన స్లో మోషన్ దగ్గర గీత అదే వాలుతో జారిపోతుంటే, దాని కోసం పెట్టిన గంట ఎవరినీ ఆపలేదన్నమాట. ఎడిటర్‌కు ముచ్చటైన షాట్ అదే అయి ఉంటుంది, పాపం.

ఎడిటింగ్‌ను వ్యూస్‌తో కొలవకూడదన్న మాట కూడా ఇక్కడే వస్తుంది. వీడియో మీద నొక్కాలా వద్దా అన్నది థంబ్‌నెయిల్, టైటిల్, అసలు ఆ వంట మీద ఉన్న ఆసక్తి తేలుస్తాయి. అప్పటికి లోపలి ఎడిటింగ్‌ను ఎవరూ చూసి ఉండరు. చూడటం మొదలయ్యాక ఎంతసేపు ఉంటారన్నదే ఎడిటింగ్ చేతిలో ఉంది, ఆ తర్వాత సిఫారసులు దాన్నిబట్టి పెరగొచ్చు. బిర్యానీకి ఐదు లక్షలు, తోటకూర వేపుడుకు పదిహేను వేలు వస్తే ఆ తేడాలో ఎడిటర్ పాత్ర బహుశా చాలా తక్కువ. కాబట్టి ఏ వంట తీయాలో వ్యూస్‌నూ ఆదాయాన్నీ బట్టి నిర్ణయించాలి, ఎన్ని గంటలు ఎడిట్ చేయాలో 30 సెకన్ల అంకె, వీడియోలో సగటున ఎంత శాతం చూశారో చెప్పే 'Average percentage viewed' చూసి నిర్ణయించాలి. రెండో అంకెను ఇంచుమించు ఒకే నిడివి ఉన్న వీడియోల మధ్యే పోల్చాలి, చిన్న వీడియోకు శాతం సహజంగానే ఎక్కువ వస్తుంది.

పాత షీట్‌లో 'ఎక్కువ గంటలు పెట్టినవాటికి ఎక్కువ వ్యూస్ వచ్చాయి' అని కనిపించినా వెంటనే నమ్మడానికి లేదు. ఆడుతుందనుకున్న వీడియోకే టీమ్ ఎక్కువ గంటలు పెడుతుంది. బిర్యానీకి ఇరవై, తోటకూరకు పది. గంటల వల్ల వ్యూస్ వచ్చాయో, వ్యూస్ వస్తాయనే గంటలు పెట్టారో పాత లెక్కలు విడదీసి చెప్పలేవు. విడదీయాలంటే చిన్న పరీక్ష పెట్టాలి. వచ్చే పన్నెండు ఇంటి వంటల్లో ప్రతి దానికీ షూట్ అయ్యాక బొమ్మా బొరుసూ వేయాలి. బొమ్మ పడితే మామూలుగా 16 గంటలు. బొరుసు పడితే 11 గంటలే: మొదటి నిమిషం, కొలతల అక్షరాలు, ఆడియో యథాతథం, మిగతా జూమ్‌లూ మ్యూజిక్ మార్పులూ తీసేసి, సబ్‌టైటిల్స్ కొలతలకే పరిమితం చేసి, కరెక్షన్లు ఒక్క రౌండ్‌తో ఆపేయడం. 'ఇది మంచి వంట, దీన్ని మాత్రం వదిలేద్దాం' అంటే పరీక్ష చెడిపోయినట్టే. ఆడియోను మాత్రం ఈ కోతలోకి తేవద్దు. మిక్సీ మోత వెనక మాట వినపడకపోతే రెండో నిమిషానికే గీత విరిగిపోతుంది, దానికి పరీక్ష అక్కర్లేదు.

పన్నెండు వీడియోలతో చిన్న తేడాలు తేలవు. రెండు గుంపుల మధ్య 'Average percentage viewed' 41, 39 అని వస్తే అది తేడా కాదు, ఊగిసలాట. 41కి 30 వస్తే కోత ఎక్కువైందని అర్థం. మధ్యలో పడితే ఇంకో ఎనిమిది వీడియోలు చేయాలి.

ఎంత తేడాను భరించవచ్చో కూడా ముందే లెక్కగట్టుకోవచ్చు. వీడియోకు ఐదు గంటలు మిగిలితే 24 వీడియోలకు 120 గంటలు. 11 గంటల చొప్పున ఆ టైమ్‌లో ఇంకో పది వీడియోలు వస్తాయి. హిట్‌ను పక్కన పెడితే మామూలు ఇంటి వంట ₹2,113 తెస్తోంది, సరుకులు పోగా దాదాపు ₹1,513. పాత పద్ధతిలో 24 వీడియోలకు మిగిలేది సుమారు ₹36,300. కొత్త పద్ధతిలో 34 వీడియోలకు అంతే మిగలాలంటే ఒక్కోటి ₹1,668 తెస్తే చాలు. అంటే ఆదాయం వీడియోకు 21 శాతం పడిపోయేదాకా కోత లాభమే. అంతకన్నా పడితే పాత పద్ధతికి వెళ్లిపోవాలి. ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది: వండేవాళ్లకు ఇంకో పది వంటలు వండే ఓపిక ఉండాలి, ఆ పది జనం వెతికే వంటలు అయి ఉండాలి. లేదంటే మిగిలిన గంటలను వీడియోల సంఖ్య పెంచడానికి కాకుండా థంబ్‌నెయిల్స్‌కు, మొదటి నిమిషానికి పెట్టడం తెలివైన పని. 16 గంటల్లో థంబ్‌నెయిల్‌కు అరగంట కూడా దక్కని ఛానళ్లు చాలా ఉంటాయి. జనం అన్నిటికన్నా ముందు చూసేది మాత్రం దాన్నే.

షార్ట్స్ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైన ప్రతిసారీ ఒక వ్యూగా లెక్కపడుతోంది, డబ్బు లెక్క మాత్రం వెంటనే దాటేయకుండా చూసిన వ్యూస్, అంటే 'Engaged views' మీదే నడుస్తోంది. కాబట్టి షీట్‌లో ఆ అంకే రాసుకోవాలి. గంటకు ₹60 అన్నది కొత్తగా షూట్ చేసి కట్ చేసిన షార్ట్ లెక్క. పెద్ద వీడియో ఫస్ట్ కట్ చేస్తున్నప్పుడే మంచి ముక్కకు మార్కర్ పెట్టుకుని నిలువుగా తీస్తే అదే షార్ట్ నలభై నిమిషాల్లో అయిపోతుంది, ఆదాయం అంతే ఉన్నా గంటకు ₹225 పడుతుంది. షార్ట్‌కు పెద్ద వీడియో లింక్ జతచేసి, అటు నుంచి వచ్చిన వ్యూస్ ఎన్నో కూడా చూసుకోవాలి. అవి రాకపోతే షార్ట్స్ ఛానల్‌ను పెంచుతున్నాయన్న మాట వట్టిదే.

ఇక ఊరి వంటలు. గంటకు పడేది ఇంటి వంటలకన్నా తక్కువే అని తేలింది కాబట్టి ఆపేయాలా? స్పాన్సర్ల డబ్బు ఇంతవరకు లెక్కలో లేదు. మసాలాల కంపెనీ ఇంటి వంటలో చూపించమని ₹25,000 ఇచ్చినా, వాళ్లు ఈ ఛానల్‌ను గుర్తించింది పూతరేకుల వీడియో చూసి కావొచ్చు. ఊహించి పంచుకోవడం కన్నా, మాట్లాడటానికి వచ్చిన ప్రతి కంపెనీనీ 'మా వీడియోల్లో ఏది చూశారు' అని అడిగి షీట్‌లో రాసుకుంటే, ఆరు నెలల్లో జవాబు దొరుకుతుంది. అలాగే ఏ వీడియో ఎందరు సబ్‌స్క్రైబర్లను తెచ్చిందో స్టూడియోలోనే ఉంటుంది. అప్పటిదాకా ఎనిమిదిని నాలుగుకు తగ్గించి, 52 గంటలను 40కి తేవడం అందుబాటులో ఉన్న పని. ఆ పన్నెండు గంటలు ఎక్కువగా పోయేది ఆరేడు గంటల ఫుటేజ్‌ను వడకట్టడంలోనే. షూట్ జరిగిన రాత్రే బసలో కూర్చుని పనికొచ్చే క్లిప్‌లను వేరే ఫోల్డర్‌లో వేసుకుంటే అందులో చాలావరకు మిగులుతాయి, ఆ పని కెమెరా చూసేవాళ్లే చేయొచ్చు కాబట్టి ఎడిటర్ గంటలు దానికి ఖర్చవ్వవు. ఖర్చులతో కలిపి చూస్తే 40 గంటలకు దిగిన ఊరి వీడియో, హిట్ ఏదీ లేకపోయినా, గంటకు ₹40 దాకా మిగులుస్తుంది. ఇంటి వంటకు హిట్ లేకుండా మిగిలేది ₹95 దరిదాపుల్లో. నెలకు ఒకటి కన్నా తక్కువగా ఊరి వీడియోలు తీసినప్పుడు పోయే ఆ తేడాను హిట్ మీద కాసిన పందెంగా, స్పాన్సర్ల కోసం పెట్టిన ప్రచార ఖర్చుగా రాసుకోవచ్చు. ఆరు నెలలకు నాలుగు వీడియోలు, వీడియోకు 40 గంటలు, గంటకు ₹55 తేడా అంటే ₹8,800. కంపెనీలు చెప్పిన జవాబుల్లో ఊరి వీడియోల పేరు ఒక్కసారైనా రాకపోతే, ఆ ₹8,800 మళ్లీ పెట్టడానికి కారణం ఉండదు.